20 బైట్ల బ్యాకప్: సైట్ పడిపోతే ఎంతసేపట్లో లేపగలం?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "బ్రో, మా షాప్ సైట్‌కి రోజూ బ్యాకప్ ఆన్ చేసి పెట్టాం, ఇక సేఫే కదా?" నేను కూడా మూడేళ్లు అట్లనే అనుకున్న. సాఫ్ట్‌వేర్ జాబ్ చేసుకుంటూ పక్కన చిన్న చిన్న సైట్లు చూసుకునేవాణ్ణి. ఒక దీపావళి ముందు ఆ నమ్మకం పోయింది. ఈరోజు ఆ కథ, ఆ తర్వాత నేను మార్చుకున్న పద్ధతి చెప్తా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు చోట్ల మూడు సైట్లు నేర్పిన పాఠాలు ఇవి.

మొదటిది జనగామది. పెంబర్తి ఇత్తడి పని మీకు తెలుసు కదా, రేకుని సుత్తితో కొట్టి బొమ్మలు, కలశాలు, గుడి తలుపుల మీద తొడుగులు చేస్తరు. అక్కడి సరుకు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక షాప్‌కి నేను వర్డ్‌ప్రెస్, వూకామర్స్‌తో సైట్ చేసిచ్చిన. దీపావళికి పది రోజుల ముందు, పొద్దున ఆరున్నరకి ఓనర్ ఫోన్.

"తమ్మీ, రాత్రి నుంచి సైట్ ఓపెన్ అయితలేదట. కస్టమర్ చెప్పిండు."

ఇక్కడ ఒకటి గమనించండి. సైట్ పడిపోయిన సంగతి నాకు కస్టమర్ ద్వారా, ఓనర్ ద్వారా, ఏడెనిమిది గంటలు లేటుగా తెలిసింది. హోస్టింగ్ వాళ్లని అడిగితే సర్వర్ డిస్క్ పోయింది, డేటా తిరిగి రాదు అన్నారు. నేను టెన్షన్ పడలేదు. రోజూ రాత్రి 2 గంటలకి బ్యాకప్ వేరే స్టోరేజ్‌కి వెళ్తుంది కదా అని ధైర్యం. అక్కడ ఫోల్డర్ తెరిస్తే నిన్నటి తేదీతో ఫైల్ ఉంది. మొన్నటిది ఉంది. అన్ని రోజులవీ ఉన్నాయి. సైజ్ చూస్తే 20 బైట్లు. ఎంబీలు కాదు, కేబీలు కాదు, 20 బైట్లు.

ఎందుకు 20? ఇది అర్థమైతే సగం విషయం అర్థమైనట్టే. నా స్క్రిప్ట్‌లో లైన్ ఇది:

```
mysqldump shopdb | gzip > db.sql.gz
```

ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది డేటాబేస్‌లో ఉన్నదంతా బయటికి రాసే పని. రెండోది ఆ వచ్చినదాన్ని కుదించి ఫైల్‌గా పెట్టే పని. 47 రోజుల క్రితం నేనే సెక్యూరిటీ కోసం డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చిన. సైట్‌లో మార్చిన, బ్యాకప్ స్క్రిప్ట్‌లో మార్చడం మర్చిపోయిన. ఆ రోజు నుంచి మొదటి పని పాస్‌వర్డ్ తప్పని ఆగిపోతోంది, ఒక్క అక్షరం కూడా ఇవ్వట్లేదు. రెండో పని మాత్రం ఆ ఖాళీనే శ్రద్ధగా కుదించి ఫైల్ చేస్తోంది. ఏమీ లేనిదాన్ని gzip చేస్తే వచ్చే సైజే ఆ 20 బైట్లు. పైగా ఇట్లా రెండు పనులు కలిపి రాసినప్పుడు షెల్ చివరి పని ఫలితాన్నే చూస్తుంది. చివరి పని బాగానే అయింది కాబట్టి మొత్తం బ్యాకప్ "సక్సెస్". 47 రాత్రులు సక్సెస్.

అంతకుముందు పాత ఫైల్ ఒకటి నిజమైనది దొరికింది. దాంతో సైట్ లేపినం. కానీ నడుమ 47 రోజుల ఆర్డర్లు లేవు. పేమెంట్ గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లో ఎవరు ఎంత కట్టారో ఉంది. షాప్ మెయిల్‌కి వచ్చిన ఆర్డర్ మెయిళ్లలో అడ్రస్‌లు, ఐటమ్స్ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని, నేనూ ఓనర్ కొడుకూ నాలుగు రోజులు కూర్చుని ఒక్కో ఆర్డర్ మళ్లీ ఎక్కించినం. దొరకనివి ఏంటంటే, ఆర్డర్ పడ్డాక ఫోన్‌లో మాట్లాడి సైట్‌లో నోట్‌గా రాసుకున్న కొలతలు. ఒక గుడికి చేసే తొడుగు కొలతలు అందులోనే పోయాయి. పని చేసే పెద్దాయన అప్పటికే రేకు కోసి పెట్టిండు. ఆయన తన నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాడు కాబట్టి బతికినం. నా బ్యాకప్ కన్నా ఆయన పెన్సిల్ గట్టిది.

ఇది నాలాంటి చిన్నోడి తప్పే అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌కి ఇదే జరిగింది. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీర్ రెండో డేటాబేస్ సర్వర్‌లో ఫోల్డర్ ఖాళీ చేద్దామని, పొరపాటున అసలు సర్వర్‌లో ఆ కమాండ్ కొట్టారు. ఒకటి రెండు సెకన్లలో ఆపారు, కానీ 300 జీబీలో దాదాపు 4.5 జీబీయే మిగిలింది. రోజూ బ్యాకప్ వెళ్లాల్సిన క్లౌడ్ స్టోరేజ్ తెరిస్తే ఖాళీ. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని వెళ్లే మెయిళ్లు కూడా, పంపినవాళ్లు నిజమైనవాళ్లో కాదో చూసే చెక్‌లో తిరస్కరణ అయి ఎవరికీ చేరలేదు. వాళ్ల దగ్గర ఉన్న ఐదు రకాల ఏర్పాట్లలో ఏదీ నమ్మకంగా పనిచేయలేదని వాళ్లే రాసుకున్నారు. చివరికి ఆ ఇంజనీరే వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండటం వల్ల గట్టెక్కారు. సైట్ లేవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. నడుమ ఆరు గంటల డేటా పోయింది.

వాళ్లు ఆ రిపేర్‌ని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, తర్వాత జరిగిందంతా బయటికి రాశారు. అది చదివితే నాకు నా 20 బైట్లే కనిపించాయి. వాళ్ల ఖాళీ స్టోరేజ్, నా ఖాళీ ఫైల్, రెండింటికీ జబ్బు ఒకటే. బ్యాకప్ నడుస్తోందా అని చూశాం కానీ, దాంట్లోంచి సైట్ వెనక్కి వస్తుందా అని ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు నేను వాడే స్క్రిప్ట్ చూపిస్తా. చిన్నదే.

```
#!/bin/bash
set -euo pipefail
D=$(date +%F)
cd /home/shop/bk
mysqldump --single-transaction shopdb | gzip > db-$D.sql.gz
zcat db-$D.sql.gz | tail -n 1 | grep -q "Dump completed"
tar -czf files-$D.tar.gz -C /home/shop public_html
rclone copy . remote:shop-backup
curl -fsS https://hc-ping.com/YOUR-ID
```

అన్నీ వివరించను, మూడే లైన్లు చూడండి. `pipefail` అంటే, కలిపి రాసిన పనుల్లో ఏది ఫెయిల్ అయినా మొత్తం ఫెయిల్ అనే లెక్క. ఆ ఒక్క మాట ఉంటే నా 47 రోజులు పోయేవి కావు. తర్వాత `Dump completed` లైన్. డేటాబేస్ మొత్తం పూర్తిగా రాస్తేనే ఫైల్ చివర ఆ మాట వస్తుంది. నడుమ డిస్క్ నిండి ఆగిపోతే రాదు, అప్పుడు స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది.

చివరి `curl` లైనే అసలుది. అది హెల్త్‌చెక్స్ అనే సర్వీస్‌కి "ఈ రాత్రి పని అయిపోయింది" అని చిన్న కబురు పెడుతుంది. కబురు రాకపోతే ఆ సర్వీస్ నాకు అలర్ట్ పంపుతుంది. తేడా పట్టుకోండి. ఫెయిల్ అయితే మెయిల్ పంపు అని సర్వర్‌కి చెప్తే, సర్వరే చచ్చిపోయినప్పుడు మెయిల్ ఎవరు పంపుతారు? గిట్‌ల్యాబ్ మెయిళ్లలాగా దారిలో పోతే? అందుకే బాగున్నప్పుడు కబురు రావాలి, రాని రోజు మనం లేవాలి. ఊరికి పోయిన అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేస్తుంది అనుకోండి, చేయని రోజు మనమే చేస్తాం కదా, అంతే.

ఇంకో సంగతి, ఆ స్టోరేజ్ వేరే కంపెనీలో, వేరే పాస్‌వర్డ్‌తో ఉండాలి. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కరెంటు డిస్కంల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ బారిన పడటం మీలో కొందరికి గుర్తుండొచ్చు. అట్లాంటి దాడిలో ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బులడుగుతారు. బ్యాకప్ కూడా అదే సర్వర్‌లో ఉంటే దానికీ తాళం పడుతుంది. స్టోరేజ్ వేరే చోట ఉన్నా, సర్వర్‌కి అక్కడి పాత ఫైళ్లు డిలీట్ చేసే పర్మిషన్ ఉంటే, సర్వర్‌లోకి వచ్చినవాడు అవి కూడా తుడిచేస్తాడు. అందుకని స్టోరేజ్‌లో వెర్షనింగ్ ఆన్ చేసి, సర్వర్‌కి ఫైల్ పెట్టే హక్కు మాత్రమే ఇవ్వండి, తీసేసే హక్కు ఇవ్వొద్దు. నేను 47 రోజుల కన్నా ఎక్కువే ఉంచుతున్నా. కారణం నా 47 రోజులే. తప్పు జరిగిన రోజు, మనకు తెలిసిన రోజు ఒకటే కావు.

ఇప్పుడు రెండో ఊరు, మహబూబాబాద్. మిర్చి పొడి, పచ్చళ్లు అమ్మే సైట్. దీనికి అప్‌టైమ్ రోబోట్ పెట్టిన. 5 నిమిషాలకోసారి బయటినుంచి సైట్ తెరిచి చూస్తుంది. ఒక వారం మూడు రోజులు ఒక్క ఆర్డర్ రాలేదు. మానిటర్ చూస్తే పచ్చగా ఉంది, 100 శాతం. ఓనరక్క "సీజన్ డల్లుందేమో" అనుకుంది.

నిజంగా జరిగిందేంటంటే డేటాబేస్ ఆగిపోయింది. కానీ హోమ్ పేజీ స్పీడ్ కోసం క్యాష్‌లో ఉంది, అంటే ముందే తయారుచేసి పెట్టిన కాపీ. అది తెరవడానికి డేటాబేస్ అక్కర్లేదు. మా మానిటర్ చూసేది హోమ్ పేజీనే. అంటే షాప్ షట్టర్‌కి రంగు బాగుందని చూసి వెళ్తోంది, లోపల మనిషి ఉన్నాడో లేడో చూడట్లేదు.

దీనికి మందు, క్యాష్ కాని పేజీని చూడమనడం. వూకామర్స్‌లో `/my-account/` పేజీ అందుకు బాగుంటుంది. లాగిన్ ఫామ్ చూపించడానికి అది డేటాబేస్‌ని అడగాల్సిందే. మానిటర్ రకం "కీవర్డ్" పెట్టి, పేజీ సోర్స్‌లో `woocommerce-form-login` అనే మాట లేకపోతే అలర్ట్ ఇవ్వమనండి. మీ థీమ్‌లో ఆ మాట ఉందో లేదో ముందు సోర్స్ తెరిచి చూసుకోండి. అయినా దీనికీ ఒక హద్దు ఉంది. పేమెంట్ గేట్‌వే దగ్గర ఆగిపోతే ఇది పట్టుకోదు. దానికి నేను ఓనరక్కతో ఒక చిన్న రూల్ పెట్టిన: మామూలుగా రోజూ ఆర్డర్లు వచ్చే సైట్‌లో ఒక పూటంతా ఒక్కటీ రాకపోతే, సీజన్ అనుకోకుండా, తనే ఫోన్‌లో ఒక చిన్న ప్యాకెట్ కొని చూడాలి.

అలర్ట్ మెయిల్‌కి మాత్రమే వస్తే రాత్రి ఎవరూ చూడరు. ఫోన్ యాప్‌కి పెట్టుకోండి, డూ నాట్ డిస్టర్బ్‌లో ఆ యాప్‌కి మినహాయింపు ఇవ్వండి. పెట్టాక ఒకసారి కావాలని సైట్ ఆపి, ఫోన్ మోగుతుందా లేదా చూడండి. ఇద్దరికి వెళ్లేట్టు పెట్టండి. ఇద్దరు ఎందుకో భూపాలపల్లి కథలో తెలుస్తుంది.

భూపాలపల్లిలో ఒక ట్రావెల్స్ బుకింగ్ సైట్ ఉంది, ఇద్దరు అన్నదమ్ములది. అక్కడ మేం రిస్టోర్ డ్రిల్ చేసినం. డ్రిల్ అంటే, సైట్ బాగానే నడుస్తుండగా, పోయినట్టే అనుకుని, ఖాళీ సర్వర్ మీద బ్యాకప్‌తో మొత్తం లేపి చూడటం. గడియారం పెట్టుకుని చేయాలి. ఎట్లా చేసినమో వరసగా చెప్తా.

గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న సర్వర్ ఒకటి తీసుకున్నాం. పాత సర్వర్‌లోంచి ఏదీ కాపీ చేయకూడదు, అది లేదనుకోవాలి. స్టోరేజ్‌లో ఉన్న రెండు ఫైళ్లే మన ఆస్తి. పీహెచ్‌పీ, డేటాబేస్ అవే వెర్షన్లు పెట్టినం. ఫైళ్లు విప్పినం, డేటాబేస్ ఎక్కించినం:

```
tar -xzf files-DATE.tar.gz -C /home/shop
mysqladmin create shopdb
zcat db-DATE.sql.gz | mysql shopdb
```

సైట్ తెరవకముందే రెండు పనులు చేయాలి, ఇవి మర్చిపోతే డ్రిల్లే యాక్సిడెంట్ అవుతుంది. ఒకటి, ఈ కాపీ కస్టమర్లకి మెయిళ్లు, మెసేజ్‌లు పంపకుండా మూసేయాలి. `wp-config.php`లో `DISABLE_WP_CRON`ని `true` చేసి, సర్వర్ నుంచి మెయిల్ బయటికి పోకుండా ఆపాలి. లేకపోతే పాత బుకింగ్‌లకి "మీ ప్రయాణం రేపు" అని మెసేజ్‌లు పోతాయి. రెండు, పేమెంట్ లైవ్ కీలు తీసేసి టెస్ట్ కీలు పెట్టాలి. తర్వాత నా ల్యాప్‌టాప్‌లో మాత్రమే hosts ఫైల్‌లో ఆ డొమైన్‌ని కొత్త సర్వర్‌కి తిప్పిన. ప్రపంచానికి పాత సైట్, నాకు మాత్రమే కొత్తది కనిపిస్తుంది.

హోమ్ పేజీ వచ్చింది, అందరం చప్పట్లు కొట్టినం. ఏ లింక్ నొక్కినా 404. ఆ రోజుల్లో ఈ సైట్ బ్యాకప్‌ని నేను `tar` చివర `*` పెట్టి తీసేవాణ్ణి. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు `*`లో రావు. `.htaccess` రాలేదు, లింకులన్నీ దాని మీదే ఆధారం. ఇప్పుడు స్క్రిప్ట్‌లో ఫోల్డర్ పేరే ఇస్తున్నా కాబట్టి అన్నీ వస్తాయి. ఇది బ్యాకప్ సైజ్ చూస్తే ఎప్పటికీ దొరికే తప్పు కాదు, లేపి చూస్తేనే దొరికింది.

ఇక డేటా నిజంగా వచ్చిందా అని కంటితో కాదు, లెక్కతో చూడాలి. వూకామర్స్ కొత్త పద్ధతిలో ఆర్డర్లు దాచుకునే సైట్ అయితే ఇట్లా అడగొచ్చు:

```
SELECT COUNT(*), MAX(date_created_gmt) FROM wp_wc_orders;
```

ఎన్ని ఆర్డర్లున్నాయి, చివరిది ఎప్పటిది అని చెప్తుంది. టైమ్ మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, కంగారు పడకండి. చివరి ఆర్డర్ బ్యాకప్ టైమ్‌కి దగ్గర్లో ఉండాలి. ఇదే మీకు ఇంకో నిజం కూడా చెప్తుంది. రాత్రి 2కి బ్యాకప్ తీసి, సాయంత్రం 6కి సైట్ పోతే, 16 గంటల ఆర్డర్లు ఏ డ్రిల్ చేసినా రావు. అంత నష్టం ఓనర్ భరించగలడా అని అడగండి. పండగ సీజన్‌లో భరించలేను అంటే, పెద్ద ఫైళ్లు రోజుకోసారి ఉంచి, డేటాబేస్ మాత్రం గంటకోసారి తీయండి. అప్పుడు ఫైల్ పేరులో తేదీతో పాటు గంట కూడా పెట్టాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి పడుతుంది.

చివరి మెట్టు, డొమైన్‌ని కొత్త సర్వర్‌కి తిప్పడం. నిజంగా తిప్పలేదు, తిప్పే పేజీ దాకా పోదాం అనుకున్నం. లాగిన్ కొడితే ఓటీపీ అన్నది. నంబర్ ఎవరిది? పెద్ద తమ్ముడిది. ఆయన ఎక్కడ? సింగరేణి బాయిలో, ఫస్ట్ షిఫ్ట్. అండర్‌గ్రౌండ్ గనిలోకి మామూలు ఫోన్ తీసుకుపోనివ్వరు. షిఫ్ట్ అయిపోయి పైకొచ్చేదాకా మేం కూర్చోవాల్సిందే. సర్వర్ రెడీ, డేటా రెడీ, కానీ సైట్ లేవడానికి ఒక మనిషి బాయిలోంచి పైకి రావాలి.

వదిన నవ్వింది: "ఇన్ని కంప్యూటర్లు పెట్టి, చివరికి మా మరిది షిఫ్ట్ మీదకు తెచ్చిండ్రు."

ఆ మాట నిజం. ఆ సాయంత్రమే ఓటీపీని ఫోన్ మెసేజ్ నుంచి ఆథెంటికేటర్ యాప్‌కి మార్చి, ఇద్దరి ఫోన్లలో పెట్టినం. రికవరీ కోడ్లు కాగితం మీద ప్రింట్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టినం. డీఎన్‌ఎస్ సెట్టింగ్‌లో టీటీఎల్ 86400 అని ఉంది. అంటే అడ్రస్ మార్చినా కొందరికి ఒక రోజంతా పాత సర్వరే చూపించొచ్చు. దాన్ని 300 చేసినం, ఐదు నిమిషాలు. ఇది సైట్ పోయాక మారిస్తే లాభం లేదు, ముందే మార్చి ఉండాలి.

మొదటి డ్రిల్‌కి, ఆ షిఫ్ట్ కోసం ఆగిన టైమ్ తీసేసినా, 3 గంటల 40 నిమిషాలు పట్టింది. ప్రతి మెట్టూ, ప్రతి కమాండూ ఒక పేజీలో రాసుకున్నం. రెండు నెలల తర్వాత రెండో డ్రిల్‌లో కీబోర్డ్ ముందు నేను కూర్చోలేదు. చిన్న తమ్ముడు, డిగ్రీ చదువుతున్నోడు, ఆ పేజీ చూసుకుంటూ చేసిండు. 55 నిమిషాలు. రెండు చోట్ల ఆగి "అన్నా, ఇక్కడ ఏం కొట్టాలె?" అన్నాడు. ఆ రెండు చోట్లా పేజీలో నేను రాయడం మర్చిపోయినవే. అవి చేర్చినం. మీ సైట్ ఎంతసేపట్లో లేస్తుందని ఎవరైనా అడిగితే, ఇప్పుడు వాళ్ల దగ్గర ఒక నంబర్ ఉంది.

డ్రిల్ అయ్యాక ఆ అద్దె సర్వర్ తీసేయడం మర్చిపోకండి. బిల్ సంగతి అటుంచితే, దాంట్లో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఎవరూ చూడని, అప్‌డేట్ కాని సర్వర్‌లో అవి పడి ఉండకూడదు.

ఈ వీడియో ఆపాక ఒక్క పని చేయండి. మీ బ్యాకప్ ఫోల్డర్ తెరిచి నిన్నటి ఫైల్ సైజ్ చూడండి, నెల కిందటి దాని సైజ్ చూడండి. షాప్ పెరుగుతుంటే ఫైల్ కూడా కొంచెం కొంచెం పెరగాలి. ఉన్నట్టుండి తగ్గినా, రోజూ ఒకటే సైజ్ ఉన్నా, అక్కడ ఏదో ఉంది. ఎంత కనిపించిందో కింద కామెంట్‌లో రాయండి. 20 అని కనిపిస్తే మాత్రం కామెంట్ తర్వాత, ముందు పాస్‌వర్డ్ చూసుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.